పదకొండంటే ఏ పదకొండు? ఒక సాఫ్ట్‌వేర్ ఆఫర్ జీతం బేరం: కేస్ స్టడీ

నేను పదకొండేళ్లు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలకు రిక్రూట్‌మెంట్ చేశాను. అభ్యర్థులకు ఫోన్ చేసి "ఇప్పుడెంత వస్తోంది, ఎంత ఆశిస్తున్నారు" అని అడిగే మనిషిని నేనే. ఇప్పుడు నల్లగొండలో ఉంటూ శని, ఆదివారాల్లో ఉద్యోగం మారాలనుకునే పిల్లలతో కూర్చుంటున్నాను. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఇంటర్వ్యూలో ఇబ్బంది లేదు. జీతం మాట దగ్గరే దెబ్బ తింటున్నారు. 2025లో జరిగిన ఈ కేసును వివరంగా రాయడానికి కారణం, ఇందులో ఆ అమ్మాయి చేసిన పొరపాటుతో పాటు నేను చేసిన రెండు పొరపాట్లు కూడా ఉన్నాయి. పేరు మార్చాను. ఊరు, కంపెనీల వివరాలు వదిలేశాను. అంకెలను గుర్తుపట్టలేనంత మేరకు సర్దాను కానీ లెక్క చెడకుండా చూశాను.

నేపథ్యం

లావణ్యది నల్లగొండ దగ్గర బత్తాయి తోటలున్న ఊరు. ఇంజనీరింగ్ అయ్యాక 2021లో హైదరాబాద్‌లోని ఒక సర్వీస్ కంపెనీలో చేరింది. నా దగ్గరకు వచ్చేసరికి మూడేళ్ల ఎనిమిది నెలల అనుభవం. జావా, స్ప్రింగ్ బూట్‌తో బ్యాకెండ్ పని. సీటీసీ, అంటే కంపెనీ ఏడాదికి తన మీద పెట్టే మొత్తం ఖర్చు, 5 లక్షల 40 వేలు; నెలకు బ్యాంకులో పడేది 37 వేల చిల్లర. నోటీస్ పీరియడ్ 90 రోజులు.

పనిలో గట్టిది. ఒక బ్యాంకు క్లయింట్‌కు పేమెంట్ల సర్వీస్‌ను ఇద్దరే మనుషులు నడుపుతుంటే, ఆ ఇద్దరిలో ఒకరు తను. ఒకే చెల్లింపు రెండుసార్లు పడకుండా ఎలా కట్టడి చేసిందో నాకు పావుగంట వివరించింది. నేను కోడ్ రాసేవాణ్ని కాకపోయినా ఎక్కడా తడబడకుండా చెప్పిందని అర్థమైంది. అదే అమ్మాయిని "నీకు ఎంత కావాలి" అని అడిగితే మాత్రం కిందికి చూసింది.

వచ్చిన సమస్య

జనవరిలో ఒక కంపెనీ రిక్రూటర్ మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్ చేశాడు. తను క్యాంటీన్‌లో ప్లేటు పట్టుకుని నిలబడి ఉంది. కరెంట్ సీటీసీ ఎంత అన్నాడు, చెప్పింది. ఎక్స్‌పెక్టెడ్ ఎంత అన్నాడు. "ఏడున్నర, నెగోషియబుల్" అంది. నాలుగు నిమిషాల కాల్. మూడు రౌండ్లూ బాగా చేసింది. 7 లక్షల 20 వేలకు ఆఫర్ వచ్చింది.

అప్పుడు అదే కంపెనీలో పనిచేసే సీనియర్ ఒకావిడ, ఆ టీమ్‌లో అంతే అనుభవంతో చేరినవాళ్లకు 11 దాకా ఇస్తున్నారని చెప్పింది. లావణ్య హెచ్‌ఆర్‌కు ఫోన్ చేసి పదకొండు అడిగింది. "మీరు అడిగిందే ఏడున్నర కదండీ, అది కూడా నెగోషియబుల్ అన్నారు" అన్నారట. చాలా గుంజితే ఏడున్నరకు వచ్చారు. తను చేరలేదు. నా దగ్గరకు వచ్చినప్పుడు అడిగిన మొదటి మాట ఇది: "అన్నా, మూడు రౌండ్లు మంచిగ చేసినా గదా. ఒక్క మాటకు గింత నష్టమా?"

నష్టం అంత ఎందుకయిందో అటువైపు కూర్చున్నవాడిగా నాకు తెలుసు. మొదటి కాల్‌లో చెప్పిన అంకె రిక్రూటర్ తలలో ఉండిపోదు, సిస్టమ్‌లోకి ఎక్కుతుంది. అభ్యర్థి పేరు పక్కన ఎక్స్‌పెక్టెడ్ అనే గడిలో 7.5 అని పడుతుంది. రౌండ్లు అయ్యాక ఆఫర్ ఆమోదానికి వెళ్లేటప్పుడు మేనేజర్‌కు, జీతాలు చూసే టీమ్‌కు ఆ గడి కనిపిస్తుంది. బడ్జెట్ 11 ఉన్నా, "అడిగిందే ఏడున్నర అయితే పదకొండు ఎందుకిస్తున్నాం?" అనే ప్రశ్నకు రిక్రూటర్ రాతపూర్వకంగా కారణం చూపాలి. నేనైనా ఆ తలనొప్పి పెట్టుకునేవాణ్ని కాదు. అంటే ఆఫర్ వచ్చాక మొదలైంది బేరం కాదు. బేరం జనవరిలో క్యాంటీన్‌లో, ప్లేటు చేతిలో ఉండగానే ముగిసిపోయింది.

ఇంకొకటి. నౌక్రీ అనే ఉద్యోగాల సైట్‌లో తన ప్రొఫైల్ తెరిచి చూస్తే ఆశించే జీతం దగ్గర 7 లక్షలు అని ఉంది. ఏడాది కింద నింపింది, మరచిపోయింది. రిక్రూటర్ ఫోన్ చేసే ముందే ఆ అంకె చూసి చేస్తాడు. ఫోన్‌లో ఎంత నేర్పుగా మాట్లాడినా ముందే తలుపు తీసి ఉన్నట్టే. ఆ రోజు మేం చేసిన మొదటి పని దాన్ని మార్చడం.

ముందు ఆలోచించి వదిలేసినవి

తన రూమ్మేట్ ఒక సలహా ఇచ్చిందట: కరెంట్ సీటీసీ ఎనిమిది అని చెప్పు, అప్పుడు పదకొండు అడిగినా ఎక్కువ అనిపించదు అని. నేను వద్దన్నాను. నీతి మాట పక్కనపెట్టినా లెక్క కుదరదు. ఆఫర్ ముందో వెనకో మూడు నెలల పేస్లిప్‌లు అడుగుతారు. ఫారం 16 అడుగుతారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ అనే పీఎఫ్ నంబర్ పట్టుకుని ఆ వివరాలు చూస్తారు. అబద్ధం బయటపడితే ఆఫర్ రద్దవుతుంది. అప్పటికే పాత ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఉంటే రెంటికీ చెడుతుంది. జీత చరిత్ర అడగకూడదనే చట్టం కాలిఫోర్నియాలో 2018 నుంచి ఉంది. మన దగ్గర అలాంటిది లేదు, అడుగుతారు. అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కానీ అడిగినంతవరకే చెప్పాలి, ఆశించే అంకెను దానికి ముడిపెట్టకూడదు. ఇదే మా పద్ధతికి పునాది అయింది.

ఆ ముడి ఎక్కడ పడుతుందంటే "ముప్పై శాతం హైక్" అనే మాట దగ్గర. మన పిల్లలందరి నోటా ఇదే. ఐదు లక్షల నలభై మీద ముప్పై శాతం వేసుకుంటే ఏడు లక్షలే వస్తుంది. లావణ్య చెప్పిన ఏడున్నర అలా పుట్టిందే. తక్కువలో మొదలైనవాళ్లను శాతాల లెక్క ఎప్పటికీ తక్కువలోనే ఉంచుతుంది. కొత్త కంపెనీ కొనుక్కునేది రేపటి పనిని. దానికి వాళ్ల దగ్గర ఒక లెవల్, ఆ లెవల్‌కు ఒక రేంజ్ ముందే ఉంటాయి. మనకు తెలియాల్సింది ఆ రేంజ్.

మొదటి ప్రయత్నం: నా సలహా బెడిసికొట్టింది

మార్చిలో ఇంకో కాల్ వస్తుందని తెలిసింది. నేను లావణ్యకు చెప్పింది: ముందు అంకె నువ్వు చెప్పొద్దు. ఎన్నిసార్లు అడిగినా "మీ బడ్జెట్ చెప్పండి" అను.

అలాగే చేసింది. అవతలి మనిషి మూడుసార్లు అడిగి, "మేడం, ఎక్స్‌పెక్టెడ్ లేకుండా ప్రొఫైల్ పంపలేను" అని పెట్టేశాడు. మళ్లీ ఫోన్ రాలేదు.

పొరపాటు నాదే. ఆ కాల్ చేసింది కంపెనీ మనిషి కాదు, కన్సల్టెన్సీ మనిషి అని నేను ముందు కనుక్కోలేదు. కన్సల్టెన్సీలో కూర్చున్న పిల్లవాడి ముందు ఒక ఎక్సెల్ షీట్ ఉంటుంది. పేరు, అనుభవం, కరెంట్, ఎక్స్‌పెక్టెడ్, నోటీస్, లొకేషన్. ఒక్క గడి ఖాళీగా ఉన్నా క్లయింట్ ఆ వరుసను తిప్పి పంపుతాడు. రోజుకు ఇన్ని ప్రొఫైళ్లు అని అతనికి టార్గెట్ ఉంటుంది. బడ్జెట్ అతనికి చాలాసార్లు తెలియను కూడా తెలియదు. అతనితో పంతానికి పోతే తర్వాతి నంబర్‌కు డయల్ చేసుకుంటాడు.

అప్పటి నుంచి మొదటి ప్రశ్న మార్చుకున్నాం: "మీరు కంపెనీ నుంచే మాట్లాడుతున్నారా, కన్సల్టెన్సీ తరఫునా?" ఇది అడగడంలో తప్పేమీ లేదు, ఎవరూ ఏమీ అనుకోరు. కన్సల్టెన్సీ అయితే గడి నిండేలా ఒక అంకె ఇవ్వాల్సిందే, కాబట్టి రేంజ్‌లో పైభాగం ఇచ్చి "రోల్ పూర్తిగా తెలిశాక కంపెనీతో మాట్లాడతాను" అని చేర్చాలి. కంపెనీ మనిషే అయితే ముందు రేంజ్ అడగడానికి చోటుంటుంది. కానీ అడగడం ఒకసారి, మహా అయితే రెండుసార్లు. మూడోసారి మన అంకె చెప్పేయాలి.

అంకె ఎలా కట్టాం

చెప్పేయాలంటే ముందు చేతిలో ఉండాలి. లావణ్య జీతాల అంకెలు చూపే ఆంబిషన్‌బాక్స్‌లో చూసుకుని వచ్చింది. అలాంటి సైట్లు ఒక అంచనాకు పనికొస్తాయి కానీ వాటిలో పాత అంకెలు, కొత్తవి, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ కలిపినవి, కలపనివి అన్నీ ఒకే సగటులో కలిసిపోతాయి. నేను వేరే పని పెట్టాను. గత ఏడాదిలో మారిన, నీ అంత అనుభవమున్న ముగ్గురిని పట్టుకో. సీటీసీ ఎంత అని అడగకు, మొదటి పూర్తి నెల బ్యాంకులో ఎంత పడింది అని అడుగు.

ఇద్దరు చెప్పారు, మూడో అతను నసిగాడు. ఒకరికి 74 వేలు, ఒకరికి 86 వేలు. ఆ ఇద్దరూ చెప్పుకునే సీటీసీలు మాత్రం 13, 12.5. పెద్ద సీటీసీ ఉన్న మనిషికి చేతికి తక్కువ పడుతోంది. లావణ్యకు ఇది నమ్మబుద్ధి కాలేదు. ఆ ఆదివారం ఇంట్లో వాళ్ల నాయినతో ఇదే మాట అంటే, తోటలో కాయ కోతకు మనుషులను మాట్లాడి వచ్చిన ఆయన చెప్పులు విడుస్తూనే అన్నాడట: "టన్నుకు రేటు ఎంతయితే ఏంది బిడ్డా, తరుగెంత తీస్తరో ముందుగాల అడగాలె." బత్తాయి వ్యాపారి ఒకడు ఎక్కువ రేటు చెప్పి ఎక్కువ తరుగు తీస్తాడు, ఇంకొకడు తక్కువ రేటు చెప్పి తక్కువ తీస్తాడు. రైతు చేతికొచ్చేది చూసుకోవాలి. నేను రెండు వారాలు చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క మాటతో ఎక్కింది. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య వేరియబుల్, పీఎఫ్, గ్రాట్యుటీ అన్నింటికీ కలిపి "తరుగు" అనే పేరే నిలిచిపోయింది.

చేతికి 80 వేలు దాటాలి అన్నది లావణ్య కోరిక. దాన్నుంచి వెనక్కి లెక్కేస్తే నెలనెలా వచ్చే భాగాలు ఏడాదికి 10 లక్షల 30 వేల దగ్గర ఉండాలి. బేరంలో కొంత తగ్గుతుంది కాబట్టి మొదటి మాట దానికంటే పైన ఉండాలి. రేంజ్ 11 నుంచి 12.5 అనుకున్నాం. ఇక్కడ నేను గట్టిగా చెప్పింది ఒకటే. రేంజ్ చెప్పినప్పుడు అవతలివాళ్లకు వినిపించేది కింది అంకె. తొమ్మిది నుంచి పన్నెండు అంటే తొమ్మిది అన్నట్టే. అందుకే కింది అంకె దగ్గరే ఆఫర్ వచ్చినా సంతోషంగా సంతకం పెట్టేలా ఉండాలి.

తర్వాత ప్రాక్టీస్. గడియారం సెంటర్ దగ్గర మా గదిలో నేను రిక్రూటర్‌గా, తను తనుగా. అంకె బాగానే చెప్పేది. చెప్పిన రెండు సెకన్లకే, నేను ఏమీ అనకముందే, "కానీ నెగోషియబుల్ అన్నా" అనేసేది. ఆ మౌనాన్ని తట్టుకోలేకపోయేది. మన ఇళ్లలో పెద్దవాళ్ల ముందు డబ్బడిగి ఊరుకోవడం మర్యాద కాదు, ఆ అలవాటు అది. పక్కన మంచినీళ్ల గ్లాసు పెట్టాను. అంకె చెప్పగానే గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాలి. నోట్లో నీళ్లుంటే మాట రాదు. ఏడెనిమిది సార్లకు కుదిరింది.

రెండో ప్రయత్నం: మొదటి కాల్

ఏప్రిల్ చివర ఒక విదేశీ సంస్థ హైదరాబాద్‌లో నడుపుకునే సొంత టెక్ ఆఫీసు నుంచి కాల్ వచ్చింది. ఆఫీసులో ఉన్నానని చెప్పి సాయంత్రం ఏడింటికి పెట్టించుకుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ క్యాంటీన్‌లో నిలబడి మాట్లాడటానికి, హాస్టల్ మెట్ల మీద నోట్‌బుక్ పెట్టుకుని మాట్లాడటానికి చాలా తేడా ఉంది.

మాట్లాడింది కంపెనీ రిక్రూటరే. కరెంట్ అడిగాడు, 5.4 అని నిజమే చెప్పింది. ఎక్స్‌పెక్టెడ్ అడిగాడు. తను ఇంగ్లిష్‌లో చెప్పినదాని సారం ఇది: "ఈ రోల్ ఏ లెవల్‌దో, దానికి మీరు పెట్టుకున్న రేంజ్ ఎంతో చెబితే ఇద్దరికీ సమయం కలిసొస్తుంది." అతను కాస్త ఆగి, అనుభవాన్ని బట్టి 14 వరకు ఉందన్నాడు. అన్నీ కలిపేనా అని అడిగింది, కలిపే అన్నాడు. అప్పుడు తన మాట: "ఈ బాధ్యతకు నేను 11 నుంచి 12.5 మధ్య ఫిక్స్‌డ్ చూస్తున్నాను. రౌండ్లు అయ్యాక పని పూర్తిగా తెలుస్తుంది, అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం." నీళ్లు తాగింది. అతను "నోట్ చేసుకున్నాను" అన్నాడు.

14 మొత్తంలో వేరియబుల్ పోతే 12.5 దగ్గర పడుతుంది కాబట్టి ఆ రేంజ్ అతని గడిలో ఇమిడింది. కరెంట్ 5.4, ఎక్స్‌పెక్టెడ్ 11 పక్కపక్కన ఉన్నా అతను వెనకాడలేదు. రెండింటి మధ్య హైక్ అనే మాట మేం తేలేదు, అతనూ ఆ కాల్‌లో తేలేదు.

ఆఫర్, నా రెండో పొరపాటు

నాలుగు రౌండ్లు. డిజైన్ రౌండ్‌లో పేమెంట్ల అనుభవం బాగా పనికొచ్చింది. జూన్ మొదటి వారంలో హెచ్‌ఆర్ ఫోన్: 12 లక్షల 40 వేలు. లావణ్య సంతోషపడింది, థాంక్స్ చెప్పింది, ఒప్పుకోలేదు. విడివిడి వివరాలతో మెయిల్ పంపమని, మూడు రోజులు టైమ్ కావాలని అడిగింది. రెండూ ఇచ్చారు.

ఆ మెయిల్‌ను ఇద్దరం కాగితం మీద విప్పాం. బేసిక్ 5 లక్షలు. ఇంటి అద్దె అలవెన్స్, స్పెషల్ అలవెన్స్ కలిపి ఇంకో 5 లక్షలు. కంపెనీ కట్టే పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, అంటే 60 వేలు. గ్రాట్యుటీ బేసిక్‌లో 4.81 శాతం, 24 వేల చిల్లర. ఇన్సూరెన్స్ దాదాపు 16 వేలు. వేరియబుల్ లక్షా నలభై వేలు.

నెలనెలా వచ్చేది పది లక్షల భాగమే. పన్నెండుతో భాగిస్తే 83,333. అందులో తన వాటా పీఎఫ్ 5 వేలు, తెలంగాణ వృత్తి పన్ను 200 పోతాయి. ఇన్‌కమ్ ట్యాక్స్ కొత్త విధానంలో 2025–26 నుంచి జీతం 12 లక్షల 75 వేల దాకా సున్నా కాబట్టి ఆ కోత లేదు. చేతికి 78,133. అదే 12.4ను పన్నెండుతో భాగిస్తే లక్షా మూడు వేలు. తరుగు నెలకు పాతిక వేలు.

"పదకొండు ఫిక్స్‌డ్ అన్నా గదన్నా, పదే ఇచ్చిర్రు" అంది లావణ్య. మెయిల్ మళ్లీ చూశాను. వాళ్లు ఫిక్స్‌డ్ అనే వరుసలో 11 లక్షలే రాశారు. పది లక్షల నెలవారీ భాగం, దానికి పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ కలిపి ఇంకో లక్ష. వేరియబుల్ కానిదంతా వాళ్ల భాషలో ఫిక్స్‌డ్. మేం ఫిక్స్‌డ్ అన్నది నెలనెలా బ్యాంకులో పడే జీతం గురించి. మేం అడిగినదే వాళ్లు ఇచ్చారు. ఇన్నేళ్లు ఈ పని చేసిన నేను, ఆ మాటకు రెండు అర్థాలున్నాయని తెలిసి కూడా, తనతో ప్రాక్టీస్ చేయించిన వాక్యంలో దాన్ని విడమరచలేదు. తరుగు గురించి అంత మాట్లాడుకుని, అసలు వాక్యంలో తరుగు అడగడం మరచిపోయాం.

ఎలా సరిదిద్దుకున్నాం

ఇక్కడ రెండు దారులున్నాయి. వేరే కంపెనీ ఆఫర్ చూపి గుంజడం ఒకటి. తన చేతిలో ఉన్నది పాత 7.5 ఆఫర్, అది చూపితే ఉన్నది పోతుంది. రెండోది, ముందు చెప్పిన అంకెకు అర్థం స్పష్టం చేసి, పని ఆధారంగా అడగడం. దీంట్లో ఉన్న ఇబ్బంది, మాట మారుస్తున్నట్టు కనిపించడం. అందుకే ఆరోపణ లేకుండా, "మీరు తక్కువ ఇచ్చారు" అనకుండా మాట్లాడాలని నిర్ణయించుకున్నాం.

ముందు ఫోన్, తర్వాత అదే సంగతి మెయిల్‌లో. ఫోన్‌లో లావణ్య చెప్పింది: "నేను ఈ కంపెనీలోనే చేరాలనుకుంటున్నాను. ఫిక్స్‌డ్ అన్నప్పుడు నేను అనుకున్నది పీఎఫ్, గ్రాట్యుటీ కాకుండా నెలవారీ జీతం. అది నేను అప్పుడే స్పష్టంగా చెప్పాల్సింది. ఆ భాగం 11 లక్షలు అయితే ఇవాళే సంతకం పెడతాను." తర్వాత డిజైన్ రౌండ్‌లో మేనేజర్ మెచ్చుకున్న సంగతిని, చేరిన మొదటి నెల నుంచే ఆ పని చేయగలనని చెప్పింది. ఎందుకంటే హెచ్‌ఆర్ ఆ మాటనే పైకి తీసుకెళ్లి ఆమోదం అడగాలి. వాళ్ల చేతికి మనమే కారణం అందించాలి.

హెచ్‌ఆర్ ఆవిడ మొదటి జవాబు ఊహించినదే: "ఇప్పటికే నూట ముప్పై శాతం హైక్ అవుతోందమ్మా." లావణ్య వాదించలేదు. "అవును మేడం, నా పాత జీతం తక్కువే. ఈ రోల్ రేంజ్‌లోనే అడుగుతున్నాను" అని ఊరుకుంది. గ్లాసు పక్కనే ఉందట.

రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. నెలవారీ భాగం 10 లక్షల 70 వేలు చేస్తాం, అంతకుమించి కుదరదు, అదే లెవల్‌లో ఇప్పటికే పనిచేస్తున్నవాళ్లతో తేడా వస్తుంది. ఇది సాకు కాదని నాకు తెలుసు. కొత్తగా వచ్చే మనిషి జీతం పాతవాళ్లను దాటితే ఆ ఆమోదం చాలా పైకి వెళ్తుంది. అలాంటి గోడ తగిలినప్పుడు నెల జీతం మీద ఇంకా తోయడం కంటే, ఆ గోడ లేని చోట అడగాలి. జాయినింగ్ బోనస్ ఒక్కసారి ఇచ్చేది, ఏటా మోయాల్సిన బరువు కాదు, పాతవాళ్లతో పోలిక రాదు. అలాగే వాళ్లకు మనిషి తొందరగా కావాలి, తనకు 90 రోజుల నోటీస్ ఉంది. కాబట్టి లావణ్య లక్ష జాయినింగ్ బోనస్, ముప్పై రోజుల నోటీస్ కొనుక్కునే ఖర్చు అడిగింది. రెండూ ఒప్పుకున్నారు. బోనస్‌కు షరతు, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి. పని చేసిన నెలలను బట్టి తగ్గించి కట్టాలా, మొత్తమా అని అడిగింది. మొత్తమే అన్నారు, అది లెటర్‌లో ఉంది, తెలిసే సంతకం పెట్టింది.

వేరియబుల్ గురించి కూడా అడగమన్నాను: గత రెండేళ్లలో మామూలుగా ఎంత శాతం ఇచ్చారు, ఎప్పుడు ఇస్తారు, మధ్యలో చేరితే ఎంత? ఏటా ఒకసారి, చేరిన నెలల మేరకు అని చెప్పారు. శాతం గురించి మాత్రం నేరుగా చెప్పలేదు. అప్పుడు లక్షా నలభైలో సగమే వస్తుందనుకుని నిర్ణయం తీసుకో అన్నాను.

కొత్త లెక్క: 10.7 లక్షలు, నెలకు 89,167. బేసిక్ 5.35 కాబట్టి తన పీఎఫ్ 5,350, వృత్తి పన్ను 200. చేతికి 83,617. మొదటి ఆఫర్ కంటే నెలకు ఐదున్నర వేలు ఎక్కువ. సీటీసీ 13.16 అయింది, రిక్రూటర్ మొదటి రోజు చెప్పిన 14 లోపలే.

రాజీనామా పెట్టిన రోజు పాత కంపెనీ మేనేజర్ తొమ్మిది ఇస్తాం ఉండమన్నాడు. అంతకుముందు రెండుసార్లు అడిగినా పైసా పెరగని చోటు అది. లావణ్య గట్టిగానే ఉంది, అరవై రోజులు పనిచేసి, మిగతా ముప్పై రోజులకు డబ్బు కట్టి, ఆ రసీదు కొత్త కంపెనీకి ఇచ్చి తిరిగి తీసుకుంది. ఆగస్టులో చేరింది.

ఈ కేసు నా పనిలో మార్చినవి

ఇప్పుడు నేను ఎవరితో కూర్చున్నా ఫిక్స్‌డ్ అనే మాటను ఒంటరిగా వాడనివ్వను. "పీఎఫ్, గ్రాట్యుటీ, వేరియబుల్ కాకుండా ఏడాదికి ఇంత" అని పూర్తి వాక్యం చెప్పిస్తున్నాను. కాస్త పొడుగే, కానీ రిక్రూటర్లు దీన్ని సులువుగానే అర్థం చేసుకుంటున్నారు. మొదటి కాల్ నాటికే ఈ వాక్యం ఉండి ఉంటే లావణ్యకు 11 వచ్చేదా అన్నది తేల్చలేని విషయం. లెవల్‌లోని మిగతావాళ్ల జీతాల గోడ అప్పుడూ ఉండేది. కానీ నెల జీతం సరిదిద్దుకోవడానికి ఖర్చయిన పట్టు, బోనస్ లాంటివి అడగడానికి మిగిలి ఉండేదని మాత్రం అనుకుంటున్నాను.

ఈ పద్ధతికి హద్దు కూడా ఉంది. మహబూబ్‌నగర్ నుంచి ఒక ఫ్రెషర్ ఇదే చేద్దామని వచ్చాడు. క్యాంపస్‌లో వందమందికి ఒకే జీతంతో ఇచ్చే ఆఫర్‌లో బేరానికి చోటు లేదు. అక్కడ రేంజ్ అడగడం వృథా, చేరే తేదీ, బాండ్ షరతులు చదువుకోవడమే పని. అలాగే మూడు నెలలుగా ఉద్యోగం లేని మనిషి కింది అంకెను లావణ్య పెట్టినంత పైన పెట్టలేడు. లావణ్యకు నెలనెలా 37 వేలు పడుతూ ఉండటం వల్లే నీళ్లు తాగుతూ కూర్చోగలిగింది.

సెప్టెంబర్ ఆఖర్లో మొదటి పూర్తి నెల పేస్లిప్ ఫొటో పంపింది. 83,617 ఉండాల్సిన చోట 82,167 ఉంది. తేడా 1,450. కింద చిన్న అక్షరాల్లో తల్లిదండ్రుల ఇన్సూరెన్స్ వాటా అని ఉంది. కంపెనీ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులను చేర్చుకుంటే ప్రీమియంలో కొంత ఉద్యోగి కట్టాలి, అది చేరేటప్పుడు నింపిన ఫారంలో ఉంది, ఆఫర్ మెయిల్‌లో లేదు. ఫోన్ చేసి అడిగితే, "తెల్సే పెట్టిన్నన్నా, నాయినకు మోకాలి ఆపరేషన్ చెప్పిర్రు" అంది. ఆ వరుసను కూడా ఇప్పుడు నా కాగితంలో, పీఎఫ్ కింద, చేర్చుకున్నాను.